రీల్‌లో నచ్చిన చీర బిల్లు దాకా ఎందుకు రాదు?

మంగళగిరి చీరలమ్మే ఒక చిన్న దుకాణం ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన వేసిందనుకుందాం. లింకు నొక్కినవాళ్లు వెయ్యిమంది, కొన్నవాళ్లు నలుగురు. యజమానికి ముందు ధర మీదే అనుమానం వస్తుంది. ధర తగ్గించే ముందు మెటా యాడ్స్ మేనేజర్‌లో లింక్ క్లిక్స్, ల్యాండింగ్ పేజ్ వ్యూస్ అనే రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది వెయ్యి, రెండోది ఆరువందలు ఉంటే, నాలుగువందల మంది పేజీ తెరుచుకోకముందే వెళ్లిపోయారన్నమాట. పొరపాటున నొక్కినవాళ్లు కొందరుంటారు. అయినా ఇంత తేడా ఉంటే పేజీ బరువునే అనుమానించాలి.

ఆ బరువు చాలాసార్లు ఫొటోలదే. కెమెరాలోంచి నేరుగా ఎక్కించిన 4 ఎంబీ ఫొటో సెకనుకు 4 మెగాబిట్ల వేగంలో దిగడానికి 8 సెకన్లు పడుతుంది. దాన్నే 720 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి వెబ్‌పీ రూపంలోకి మారిస్తే 120 కేబీ దగ్గరకు తేవచ్చు. అప్పుడు పావు సెకను చాలు. పేజీలో ప్రధానమైన బొమ్మ 2.5 సెకన్లలోపు కనపడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. జరీ అంచు దగ్గరగా చూడాలనుకునేవాళ్ల కోసం పెద్ద ఫొటో ఉండాల్సిందే, కానీ తాకినప్పుడే దిగాలి.

అసలు చిక్కు దీని తర్వాత ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో నొక్కిన లింకు మామూలుగా క్రోమ్‌లో తెరుచుకోదు, ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. క్రోమ్‌లో చేసిన లాగిన్, దాచుకున్న చిరునామా అక్కడ ఉండవు. గూగుల్ ఖాతాతో లాగిన్ అవడాన్ని ఇలాంటి చోట్ల గూగులే అడ్డుకుంటుంది. కాబట్టి కొనడానికి ముందు ఖాతా తెరవమని అడగడమంటే వచ్చినవాళ్లను గుమ్మంలోనే ఆపడం. ఫోన్ నంబరు, పేరు, చిరునామా, పిన్‌కోడ్ చాలు. పిన్‌కోడ్ కొట్టగానే ఊరూ జిల్లా వాటంతటవే పడాలి. అంకెల గడిలో అంకెల కీబోర్డే రావడానికి ఒక్క వరుస సరిపోతుంది:

```
<input inputmode="numeric" autocomplete="postal-code">
```

డబ్బు కట్టే చోట కొన్ని దుకాణాలు క్యూఆర్ కోడ్ మాత్రమే చూపిస్తాయి. చేతిలో ఉన్న ఫోన్ తెరను అదే ఫోన్ కెమెరాతో ఎవరు స్కాన్ చేయగలరు? ఫోన్‌పే, గూగుల్ పే నేరుగా తెరుచుకునే బటన్ కావాలి. అది కూడా కొన్ని ఫోన్లలో లోపలి బ్రౌజర్ నుంచి పనిచేయదు. అందుకే "క్రోమ్‌లో తెరవండి" అనే దారి, క్యాష్ ఆన్ డెలివరీ పక్కనే ఉంచాలి.

ఇక అన్నిటికన్నా నష్టం చేసేది ఇది. కొనేవారు యూపీఐ యాప్‌లోకి వెళ్లి డబ్బు కట్టి వెనక్కి వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటినుంచి లోడ్ కావచ్చు, బుట్ట ఖాళీగా కనపడవచ్చు. వెనక్కి వచ్చిన పేజీని చూసే ఆర్డర్ రాసుకునే సైటైతే, డబ్బు కట్ అయింది, ఆర్డర్ లేదు. పేమెంట్ గేట్‌వే నుంచి సర్వర్‌కు నేరుగా వచ్చే వెబ్‌హుక్ కబురుతోనే ఆర్డర్ ఖాయం చేసి, ఆ నంబరును వెంటనే ఎస్సెమ్మెస్‌లోనో వాట్సాప్‌లోనో పంపాలి.

ఇవేవీ ఆఫీసు వైఫైలో, ల్యాప్‌టాప్‌లో బయటపడవు. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని, మొబైల్ డేటా మీద, సొంత ప్రకటనలోని లింకే నొక్కి, ఒక చీర డబ్బు కట్టి కొని చూడాలి.