“ఆడపిల్లలు కావాలి” అనే బోర్డు ఎవర్ని ఆపేస్తుంది?

మన శిడ్లఘట్టలో రీలింగ్ యూనిట్ గేటు మీద ఇలాంటి అట్టముక్క చూసుంటారు: “ఆడపిల్లలు కావాలి. వయసు 18–25. చురుగ్గా ఉండాలి.”

బేసిన్ దగ్గర ఇరవై ఏళ్లు కూర్చున్న నలభై రెండేళ్ల ఆమె అది చదివి, అడక్కుండానే పోతుంది. నిజానికి వేడినీళ్లలో గూటి కొస దొరకబట్టడం, పోగు తెగిన వెంటనే అందించడం ఆమె చేతికే బాగా వచ్చు. ఆ పని వచ్చిన మగవాళ్లూ గేటు దాటరు. బోర్డు వయసు అడిగింది గానీ, పని అడగలేదు.

అదే అట్టముక్క నేనైతే ఇట్లా రాస్తాను: “రీలింగ్‌కు నలుగురు కావాలి. గూటి కొస పట్టడం, తెగిన పోగు అందించడం తెలిసుండాలి. పొద్దున 7 నుంచి సాయంత్రం 4 వరకు. కూలి వారం వారం. ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరైనా రావచ్చు. 18 నిండి ఉండాలి.” కూలి ఎంతో కూడా రాస్తే, వచ్చినవాళ్లు బేరం తెగక వెనక్కి పోరు.

18 అనే మాట మాత్రం తీసేయకండి. అది పిల్లల్ని పనిలో పెట్టకుండా కాపాడే హద్దు. తీసేయాల్సింది పై హద్దు.

మూటలు మోసే పనికి “మగవాళ్లు” అనొద్దు. మూట ఎన్ని కిలోలో రాయండి. మోయగలిగినవాళ్లే వస్తారు.

ఒకే రకం పనికి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపొద్దని 1976లోనే సమాన వేతన చట్టం చెప్పింది.