పైలును కిందికి లాగే నేల

పల్లపు నేలలో భవనం కట్టాలంటే ముందుగా మట్టి పోసి మెరక చేస్తారు. ఆ మెరక అడుగున మెత్తని బంకమట్టి ఉంటే అది భవనాన్ని మోయలేదు. అందుకని కాంక్రీటు పైళ్లనో ఉక్కు పైళ్లనో మెరకలోంచి, బంకమట్టిలోంచి దిగగొట్టి, లోతున ఉన్న గట్టి పొరకో రాతికో ఆనిస్తారు. భవనం బరువుకు పైలు దిగబోతే చుట్టూ ఉన్న మట్టి దాని ఒంటిని పట్టి ఆపుతుంది. ఈ రాపిడి పైకి పనిచేస్తుంది కనుక పైలుకు బలమవుతుంది. పైలు కన్నా మట్టే ఎక్కువగా కుంగినప్పుడు మాత్రం రాపిడి తిరగబడుతుంది. మోయాల్సిన మట్టే పైలును పట్టుకుని కిందికి లాగుతుంది. దీన్నే నెగటివ్ స్కిన్ ఫ్రిక్షన్ అంటారు. అలా పైలు పొడవునా పోగయ్యే అదనపు బరువు డ్రాగ్ లోడ్.

మట్టి కుంగడానికి మూలం కొత్తగా పోసిన మెరకే. బంకమట్టి రేణువుల సందుల్లో నీరు నిండి ఉంటుంది. మెరక బరువు పడగానే ఆ భారాన్ని మొదట మోసేది ఆ నీరే. బంకమట్టిలోంచి నీరు చాలా నెమ్మదిగా బయటికి పోతుంది. అది పోయేకొద్దీ భారం రేణువుల మీదికి మారి పొర అణుగుతుంది. నీరు పోవాల్సిన దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. అందుకే మందపాటి పొరల్లో ఈ కుంగుబాటు ఏళ్ల తరబడి సాగుతుంది. మెరక పోయకపోయినా, బోర్లతో భూగర్భ జలాన్ని తోడి నీటిమట్టం దించినచోట ఫలితం ఇదే.

పైలును లాగడానికి నేల అడుగుల కొద్దీ కుంగనక్కర్లేదు. మట్టికీ పైలుకూ మధ్య కొద్ది మిల్లీమీటర్ల కదలిక ఉంటే చాలు, రాపిడి పూర్తిగా పట్టుకుంటుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ ప్రాంతంలో బెంగ్ట్ ఫెలేనియస్ 1960ల చివర్లో మొదలుపెట్టిన కొలతల్లో ఇది బయటపడింది. పైళ్లు దిగగొట్టినప్పుడు చెదిరిన బంకమట్టి మళ్లీ సర్దుకునేటప్పుడు జరిగిన స్వల్పమైన కుంగుబాటుకే, మెరక పోయకముందే, వాటిలో డ్రాగ్ లోడ్ పెరిగింది.

నార్వేలోని ఓస్లో రేవులో నార్వేజియన్ జియోటెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ తరఫున లౌరిట్స్ బ్యెరుమ్, ఆయన సహచరులు 1960లలో చేసిన పరీక్షలు ఈ బరువు ఎంత పెద్దదో చూపాయి. మెరక కింది బంకమట్టిలోంచి రాతిదాకా దిగిన పొడవైన ఉక్కు పైళ్లవి. వాటి మీద భవనం లేదు. అయినా నేల కుంగినకొద్దీ ఒక్కో పైలులో 300 నుంచి 400 టన్నుల వరకు బరువు పోగైంది. మట్టి రేణువుల మధ్య ఒత్తిడి ఎంత ఉంటే రాపిడి ఆ నిష్పత్తిలోనే ఉంటుందని కూడా అక్కడే తేలింది. మెత్తని బంకమట్టిలో రాపిడి ఆ ఒత్తిడిలో దాదాపు అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటుంది.

ఈ సంబంధంతో డ్రాగ్ లోడ్‌ను లెక్కకట్టవచ్చు. 50 సెంటీమీటర్ల వ్యాసమున్న కాంక్రీటు పైలు 3 మీటర్ల మెరకను, 15 మీటర్ల బంకమట్టిని దాటి రాతి మీద ఆనిందనుకుందాం. నీటిమట్టం బంకమట్టి పైఅంచు దగ్గర ఉంది. మెరక మట్టి ఘనపు మీటరుకు 1.8 టన్నులు, నీటిలో మునిగిన బంకమట్టి 0.6 టన్ను తూగుతాయి. నీరంతా పోయి కుంగుబాటు ముగిసేసరికి బంకమట్టి పైఅంచున ఒత్తిడి చదరపు మీటరుకు 5.4 టన్నులు, అడుగున 14.4 టన్నులు, సగటున 9.9 టన్నులు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 2.5 టన్నులు, రాపిడి. పైలు చుట్టుకొలత 1.57 మీటర్లు కనుక 15 మీటర్ల మీద అది 58 టన్నులవుతుంది. మెరక మట్టి లాగే మరో 4 టన్నులు కలిపితే డ్రాగ్ లోడ్ 62 టన్నులు.

స్తంభం నుంచి దిగే శాశ్వత బరువు 80 టన్నులైతే, పైలు అడుగు భాగంలో ఉండే బరువు 142 టన్నులు. కాంక్రీటు మీద ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 4 న్యూటన్ల నుంచి 7 దాటుతుంది. పైలు కాంక్రీటు మీద సగటు ఒత్తిడి దాని ఘన నమూనా బలంలో నాలుగో వంతు దాటకూడదన్న నియమాన్ని పాటిస్తే ఎం25 కాంక్రీటుకు పరిమితి 6.25. స్తంభం బరువుకు ధారాళంగా సరిపోయిన పైలు డ్రాగ్ లోడ్ కలిసేసరికి చాలదన్నమాట.

ఈ బరువు పైలు పొడవునా ఒకేలా ఉండదు. పైనుంచి దిగేకొద్దీ పెరుగుతూ పోయి, మట్టి కుంగుబాటూ పైలు కుంగుబాటూ సమానమైన లోతులో గరిష్ఠమవుతుంది. ఆ లోతును తటస్థ తలం అంటారు. దానికి పైన మట్టి పైలును లాగుతుంది, కింద మట్టి పైలును మోస్తుంది. రాతికి ఆనిన పైలులో ఈ తలం రాతి దగ్గరికే దిగుతుంది కనుక డ్రాగ్ లోడ్ అత్యధికం, కుంగుబాటు స్వల్పం. గట్టి పొరకు చేరకుండా మట్టిలోనే ఆగిన పైలులో ఈ తలం పైకి జరుగుతుంది. అప్పుడు డ్రాగ్ లోడ్ తగ్గుతుంది కానీ, ఆ తలం దగ్గర నేల ఎంత కుంగితే పైలూ అంతే కుంగుతుంది.

కాబట్టి డ్రాగ్ లోడ్ వల్ల పైలు ఒక్కసారిగా నేలలోకి దిగబడిపోదు. పైలు వేగంగా దిగితే మట్టితో పోల్చిన కదలిక తిరగబడి, లాగుడు దానంతటదే పోతుంది. సరిచూడాల్సినవి రెండే: పైలు దేహం ఆ బరువుకు నలగకుండా ఉంటుందా, కుంగుబాటు భవనం తట్టుకోగలిగినంతేనా? మనుషులు, వాహనాలు తెచ్చే తాత్కాలిక బరువును డ్రాగ్ లోడ్‌తో కలపకూడదనడానికీ కారణం ఇదే. ఆ బరువు పడినప్పుడు పైలు కాస్త దిగి, ఆ మేరకు లాగుడు సడలుతుంది.

పైలు మీద బరువు పెట్టి చేసే మామూలు పరీక్షలో ఈ ప్రమాదం కనిపించదు. పరీక్ష కొద్ది గంటల్లోనో రోజుల్లోనో ముగుస్తుంది. ఆ కాసేపూ బంకమట్టి కూడా పైలును మోస్తుంది. ఏళ్లు గడిచాక లాగబోయే పొరనే ఆనాడు బలం కింద లెక్కేస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. కట్టిన తర్వాత కనిపించే గుర్తులు వేరు. భవనం నిలిచే ఉంటుంది కానీ చుట్టూ నేల దిగి ప్లింతు కింద ఖాళీ ఏర్పడుతుంది. మెట్లు గోడ నుంచి విడిపోతాయి, నీటి పైపులు గోడ దగ్గర విరుగుతాయి. మెరక ఒకవైపే ఎత్తుగా ఉన్నచోట పైళ్లు సమానంగా కుంగక భవనం ఒరగవచ్చు. ఏటవాలుగా దిగగొట్టిన పైళ్ల మీద కుంగే మట్టి పడి వాటిని వంచుతుంది కనుక ఇలాంటి నేలల్లో వాటిని వాడకపోవడమే మేలు.

నివారణల్లో ఉత్తమమైనది పైళ్లకు ముందే నేలను కుంగనివ్వడం. బంకమట్టిలో నిలువు డ్రెయిన్లు దించి, పైన అదనపు మట్టి పోస్తే ఏళ్లు పట్టే కుంగుబాటు నెలల్లో చాలావరకు ముగుస్తుంది. అంత వ్యవధి లేకపోతే పైలు ఒంటికి తారు పూస్తారు. నెమ్మదిగా కుంగే మట్టి కింద తారు జారుతుంది కనుక పైలును పట్టుకోదు. ఓస్లోలో తారు పూసిన పైళ్లలో డ్రాగ్ లోడ్ దాదాపు పదో వంతుకు పడిపోయింది. దిగగొట్టేటప్పుడు మెరకలోని రాళ్లు ఆ పూతను గీకేయకుండా చూసుకోవాలి. తటస్థ తలానికి కింద పైలుకు పైపూత వేయకూడదు, అక్కడి రాపిడి పైలుకు కావలసిన బలం.

విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో మెత్తని సముద్రపు బంకమట్టి ఉన్నచోట మెరక చేసి కట్టేవారికి ఇదంతా వర్తిస్తుంది. అలాంటి స్థలంలో పైళ్ల డిజైను చేతికి వచ్చినప్పుడు ఇంజనీరును మూడు ప్రశ్నలు అడగాలి: మెరక పోసి ఎంతకాలమైంది, నేల ఇంకా ఎంత కుంగాల్సి ఉంది, డ్రాగ్ లోడ్‌ను ఎన్ని టన్నులుగా లెక్కించారు?