ఎక్స్‌పైరీ రోజు ఎన్ని లాట్లు?

మంగళవారం మధ్యాహ్నం ఒకటిన్నర. నిఫ్టీ 25,000 దగ్గర కదలకుండా నిలబడి ఉందనుకుందాం. ఆ రోజే గడువు తీరే 25,100 కాల్ ధర 10 రూపాయలు. ఇంకో రెండు గంటల్లో నిఫ్టీ ఆ వంద పాయింట్లూ ఎక్కకపోతే ఆ కాల్ విలువ సున్నా. అమ్మినవాడికి ఆ పది రూపాయలూ మిగిలిపోతాయి. ఒక లాట్ అంటే 65 కాబట్టి లాట్‌కు 650, పది లాట్లకు 6,500. వారానికి ఒకసారి, ఒక పూటలో వచ్చే ఈ డబ్బు కోసం హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఎంతోమంది ఉద్యోగులు, రిటైరైనవాళ్లు ఎక్స్‌పైరీ రోజు ఫోన్ ముందు కూర్చుంటున్నారు. 2025 సెప్టెంబరు నుంచి నిఫ్టీకి మంగళవారం, సెన్సెక్స్‌కు గురువారం గడువు రోజులయ్యాయి. అంటే వారంలో రెండుసార్లు ఈ అవకాశం కనిపిస్తుంది.

చాలా వారాలు ఈ డబ్బు నిజంగానే వస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. వరసగా పది వారాలు వచ్చినవాడు పదకొండో వారం లాట్లు పెంచుతాడు. ఆ వారం తేడా వస్తే ఎంత పోతుందో ముందుగా లెక్క వేసుకున్నవాళ్లు నాకు తక్కువగానే కనిపించారు. ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. కాకపోతే ముందు రెండు విషయాలు తెలియాలి: గడువు రోజున కాలం ప్రీమియంను ఎలా కరిగిస్తుంది, సూచీ కదిలితే ఆ ప్రీమియం ఎంత వేగంగా తిరగబడుతుంది.

మొదట కాలం సంగతి. దీన్ని ట్రేడర్లు థీటా అంటారు. ఆప్షన్‌లో మిగిలిన విలువ మిగిలిన సమయంతో సమానంగా తగ్గదు, ఆ సమయపు వర్గమూలాన్ని అనుసరించి తగ్గుతుంది. ఉదయం 9:15కు, సూచీ ఉన్నచోటే స్ట్రైక్ ఉన్న 25,000 కాల్ ధర దాదాపు 75 రూపాయలు ఉందనుకోండి. సూచీ అక్కడే ఉంటే ఆ 75 సగమయ్యేది మధ్యాహ్నం 12:20కి కాదు, సుమారు రెండు గంటలకు. అంటే ట్రేడింగ్ సమయంలో మూడు వంతులు గడిచాక కూడా సగం ప్రీమియం నిలిచే ఉంటుంది. మిగతా సగం చివరి గంటన్నరలో ఆవిరైపోతుంది. అమ్మేవాళ్లను మధ్యాహ్నం ఆకర్షించేది ఈ చివరి గంటన్నరే.

అదే గంటన్నరలో రెండోది కూడా ముదురుతుంది. దాని పేరు గామా. నిఫ్టీ ఒక పాయింటు కదిలితే ఆప్షన్ ధర ఎంత కదులుతుందో చెప్పేది డెల్టా. ఆ డెల్టా ఎంత త్వరగా మారుతుందో చెప్పేది గామా. గడువుకు వారం ముందు నిఫ్టీ 50 పాయింట్లు కదిలితే ఉన్నచోటి కాల్ డెల్టా 50 పైసల నుంచి 55 దాకా వెళుతుంది. గడువు రోజు ఉదయం అదే కదలికకు 60 దాటుతుంది. మధ్యాహ్నం రెండున్నరకు 75 దాకా పోతుంది. సూచీ కదలిక అదే, దానికి ఆప్షన్ స్పందించే తీరే మారిపోయింది. మిగిలిన సమయం తగ్గేకొద్దీ స్ట్రైక్‌కు ఇటువైపు ఉన్నది సున్నాకు, అటువైపు ఉన్నది పూర్తి రూపాయికి దగ్గరవుతాయి. మధ్యలో ఉండే చోటు ఇరుకైపోతుంది.

మన 25,100 కాల్ దగ్గరికే వెళ్దాం. ఒకటిన్నరకు అమ్మినప్పుడు దాని డెల్టా 17 పైసల దగ్గర. రెండున్నరకు నిఫ్టీ 25,100కు వచ్చిందనుకోండి. ఈలోగా గంట సమయం కరిగింది, అయినా ధర 30కి చేరుతుంది. పది లాట్ల మీద నష్టం 13,000. డెల్టా ఇప్పుడు 50 పైసలు. ఇంకో పావుగంటలో మరో 60 పాయింట్లు ఎక్కితే ధర 66 దాకా వెళుతుంది, డెల్టా 80 దాటుతుంది. నష్టం 36,000 పైన. మొదటి వంద పాయింట్లు 13,000 తీసుకుంటే, తర్వాతి అరవై పాయింట్లే 23,000 తీసుకున్నాయి. నిఫ్టీ మొత్తం కదిలింది 160 పాయింట్లు, అంటే ముప్పాతిక శాతం కూడా కాదు. నెలలో ఒకటి రెండుసార్లు చూసే కదలికే ఇది. పైగా ఈ ధరలు మార్కెట్ భయం పెరగలేదనుకుని వేసినవి. నిజానికి అలాంటి సమయంలో అందరూ ఒకేసారి కొనబోతారు కాబట్టి ధర ఇంకాస్త ఎక్కువే పలుకుతుంది.

అయినా ఇది బతకగలిగిన రోజే. ఒక లాట్ అమ్మడానికి మార్జిన్ సుమారు 2 లక్షలు అనుకుంటే పది లాట్లకు 20 లక్షల పెట్టుబడి కావాలి. అందులో 36,000 అంటే రెండు శాతం కంటే తక్కువ. నెల ఆదాయం పోయింది, మనిషి నిలబడ్డాడు. అసలు పరీక్ష వేరే రోజున వస్తుంది.

2024 జూన్ 4, లోక్‌సభ ఫలితాల రోజు, అలాంటిదే. అదీ మంగళవారమే. ఆ రోజుల్లో నిఫ్టీ వారపు గడువు గురువారం కాబట్టి అది నిఫ్టీకి ఎక్స్‌పైరీ రోజు కాదు, అయినా లెక్కకు బాగా పనికొస్తుంది. ముందురోజు ఎగ్జిట్ పోల్స్ ఉత్సాహంలో నిఫ్టీ 23,263.90 దగ్గర ముగిసింది. ఫలితాలు వస్తున్నకొద్దీ పడిపోయి ఒక దశలో 21,281ని తాకింది. చివరికి 21,884.50 దగ్గర, దాదాపు ఆరు శాతం నష్టంతో ముగిసింది. రెండు శాతం కింద ఉంది కదా, భద్రమే అనుకుని ఎవరైనా 22,800 పుట్ అమ్మి ఉంటే, అట్టడుగున ఆ పుట్ అసలు విలువే 1,519 రూపాయలు. ఇప్పటి 65 లాట్‌తో లెక్కేస్తే లాట్‌కు 98,000 పైన, పది లాట్లకు దాదాపు 9 లక్షల 87 వేలు. వచ్చిన ప్రీమియం తీసేసినా 20 లక్షల పెట్టుబడిలో సగానికి దగ్గర. ముగింపు ధర దాకా ఆగితే నష్టం ఆరు లక్షల లోపే కదా అనవచ్చు. కానీ ఆగనివ్వరు. నష్టం పెరిగి మార్జిన్ చాలకపోతే బ్రోకరే పొజిషన్ మూసేస్తాడు, అదీ ధర అధ్వాన్నంగా ఉన్న నిమిషాల్లోనే.

అదే మనిషి ఒక్క లాట్ అమ్మి ఉంటే పోయేది లక్ష లోపు, పెట్టుబడిలో అయిదు శాతం. ఆ రోజున ఇద్దరి అంచనా తప్పింది, ఇద్దరి స్ట్రైకూ ఒకటే. తేడా లాట్లలోనే ఉంది.

కాబట్టి లాట్ల లెక్కను మార్జిన్ దగ్గర మొదలుపెట్టకూడదు. మార్జిన్ అన్నది ఎక్స్ఛేంజీ తన భద్రత కోసం తీసుకునే డబ్బు. ఎక్స్‌పైరీ రోజు ప్రమాదం ఎక్కువని గుర్తించే సెబీ 2024 నవంబరు నుంచి, ఆ రోజు గడువు తీరే సూచీ ఆప్షన్లు అమ్మినవాళ్ల దగ్గర కాంట్రాక్టు విలువలో అదనంగా 2 శాతం మార్జిన్ వసూలు చేయిస్తోంది. ఒక్కొక్కరి పొజిషన్ మీద పరిమితులు కూడా ఉన్నాయి, అయితే అవి నికరంగా 1,500 కోట్ల స్థాయిలో ఉంటాయి. పెద్ద సంస్థలు మార్కెట్‌ను కుదపకుండా చూడటం వాటి పని. 20 లక్షలవాడి పరిమితి వాడే రాసుకోవాలి.

రాసుకునే పద్ధతి ఇది. ఒక్క రోజులో ఎంత పోయినా తట్టుకోగలను అన్న మొత్తం ముందు తేల్చుకోవాలి. 20 లక్షల్లో 4 శాతం, అంటే 80,000 అనుకుందాం. తర్వాత, అతి చెడ్డ కదలికలో ఒక లాట్‌కు ఎంత పోతుందో చూడాలి. మూడు శాతం, అంటే 750 పాయింట్లు పెట్టుకుందాం. వంద పాయింట్ల దూరంలో అమ్మిన కాల్ మీద 650 పాయింట్లు, లాట్‌కు 42,250. 80,000ను దాంతో భాగిస్తే వచ్చేది ఒక్క లాట్. మార్జిన్ పది లాట్లు ఇస్తుంటే లెక్క ఒకటే ఇస్తోంది. ఈ అంతరం చూసి చాలామంది కాగితం పక్కన పెట్టేస్తారు. దయచేసి పెట్టకండి.

ఎక్కువ లాట్లు కావాలంటే దారి హెడ్జ్. 25,100 కాల్ 10కి అమ్మి, 25,300 కాల్ రూపాయికి కొంటే చేతికొచ్చేది 9. నిఫ్టీ ఎంత ఎగిరినా నష్టం 191 పాయింట్ల దగ్గర ఆగిపోతుంది, లాట్‌కు 12,415. ఇప్పుడు 80,000లో ఆరు లాట్లు పడతాయి. గరిష్ఠ ఆదాయం 3,510, గరిష్ఠ నష్టం 74,490. ఖర్చులు పోను ఆ ఆదాయం ఇంకా తగ్గుతుంది. ఆకర్షణీయంగా లేదు, నిజమే. కానీ అమ్మే వ్యాపారం అసలు రూపం ఇదే, హెడ్జ్ దాన్ని కళ్లముందు పెట్టింది.

హెడ్జ్‌లోనూ ఒక ఉచ్చు ఉంది. కొన్న కాల్ పక్కన ఉంటే మార్జిన్ బాగా తగ్గుతుంది, దాంతో ఆరు లాట్ల చోట పాతిక లాట్లు పెట్టే వీలు దొరుకుతుంది. పాతిక లాట్ల గరిష్ఠ నష్టం 3 లక్షల 10 వేలు, పెట్టుబడిలో పదిహేను శాతం. మూసేటప్పుడు కూడా అమ్మినదాన్నే ముందు కొనాలి. లాభంలో ఉందని హెడ్జ్‌ను ముందు అమ్మేస్తే, మార్జిన్ అమాంతం పెరిగిపోతుంది, రక్షణా పోతుంది.

స్టాప్‌లాస్ ఉంది కదా, హెడ్జ్ ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఆప్షన్లలో మార్కెట్ ధరకు అమలయ్యే స్టాప్‌లాస్ ఆర్డర్లను ఎన్‌ఎస్‌ఈ 2021లోనే ఆపేసింది. ఇప్పుడున్నది లిమిట్ ధరతో కూడిన స్టాప్‌లాస్. 30 దగ్గర ట్రిగ్గర్, 32 లిమిట్ పెట్టారనుకోండి. వేగంగా ఎగిరే నిమిషంలో ధర 29 నుంచి నేరుగా 36కు దూకితే ఆర్డర్ తెరుచుకుంటుంది గానీ అమలు కాదు. పెండింగ్ అని చూపిస్తూ 32 దగ్గరే కూర్చుంటుంది. స్టాప్‌లాస్ మామూలు రోజు నష్టాన్ని చిన్నది చేస్తుంది. చెడ్డ రోజున నష్టానికి హద్దు వేసేవి కొన్న హెడ్జ్, లాట్ల సంఖ్య.

రోజు చెడుతోందని తెలియడానికి ఒక గుర్తు ఉంది. దెబ్బ తిన్న కాల్‌ను మూసేసి, పోయింది రాబట్టడానికి ఇంకా పైన 25,200 కాల్‌ను రెట్టింపు లాట్లు అమ్మడం. దీన్ని సర్దుబాటు అంటారు. ఒకటిన్నరకు మొదలైన ఆరు లాట్లు రెండుంబావుకు పన్నెండయ్యాయంటే, గామా ముదిరే వేళకు పొజిషన్ రెట్టింపయిందన్నమాట. ఉదయం వేసిన 80,000 లెక్క అప్పటికి చెల్లదు. స్ట్రైక్ మార్చినా లాట్లు పెంచకపోవడం, మొత్తం నష్టం హద్దుకు చేరగానే టెర్మినల్ మూసేయడం, ఈ రెండూ ముందుగా రాసి పెట్టుకోవాల్సినవి.

రోజు సవ్యంగా నడిచినా ఒక పని మిగులుతుంది. నిఫ్టీ 25,000 దగ్గరే ఉంటే 2:45కు మన కాల్ 2 రూపాయలకు దిగుతుంది. పదిలో ఎనిమిది వచ్చేశాయి. మిగిలిన రెండు కోసం చివరి ముప్పావుగంట మొత్తం గామాను మోయడం గిట్టుబాటు కాదు. 2కు కొనేసి బయటపడితే లాట్‌కు వదులుకునేది 130 రూపాయలు.

హద్దు దాకా పోయిన వారం తర్వాత పెట్టుబడి 19,25,510. అందులో 4 శాతం 77,020, ఇంకా ఆరు లాట్లు పడతాయి. మళ్లీ అలాంటి వారమే వస్తే పెట్టుబడి 18,51,020, దానికి 4 శాతం 74,040. ఒక లాట్ నష్టం 12,415తో భాగిస్తే ఆరుకు కాస్త తక్కువ. మూడో వారం అయిదు లాట్లే.