ఉప్పుకి చక్కెర తోడెందుకు?

కలరా లాంటి నీళ్ల విరేచనాల్లో వట్టి మంచినీళ్లు ఎన్ని తాగినా మనిషి తేరుకోడు. అదే నీళ్లలో ఓఆర్‌ఎస్ పొడి కలిపితే తేరుకుంటాడు. ఏమిటా కిటుకు?

కలరా క్రిమి విషం వల్ల చిన్నపేగు గోడల్లోంచి ఉప్పు, దాని వెంటే నీరు పేగులోకి ధారగా వచ్చేస్తాయి. ఉప్పును పీల్చుకునే మామూలు దారీ మూసుకుపోతుంది. కానీ ఒక్క తలుపు మాత్రం చెడదు. అదే పేగు కణాల మీదుండే ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజు అణువు జట్టుగా వస్తేనే లోపలికి పంపుతుంది. వాటి వెంట నీరూ వెళ్తుంది. అంటే ఇందులో గ్లూకోజు బలం కోసం కాదు, సోడియాన్ని లోపలికి తీసుకెళ్లడానికి.

1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణమే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకి దిగాయి.

అయితే కొలత తప్పకూడదు. కూల్‌డ్రింకుల్లోలా చక్కెర ఎక్కువైతే అది నీటిని తిరిగి పేగులోకే లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి. తాగిన వెంటనే విరేచనాలు ఆగవు, పోయిన నీరు మాత్రం తిరిగొస్తుంది. రోగి మగతగా ఉండి తాగలేకపోతే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సిందే.