తెల్లవారితే భయం: ఆఫీసు వేధింపులు మనసును ఎలా దెబ్బతీస్తాయి?

రిజర్వేషన్‌లో ఉద్యోగం వచ్చిన ఒక జూనియర్ అసిస్టెంట్‌ను ఊహించుకుందాం. ఆయన రాసిన ఫైలును సూపరింటెండెంట్ అందరి ముందూ బల్ల మీద విసిరేసి, ‘కోటాలో వస్తే ఇంతే’ అంటాడు. సెక్షన్‌లో మిగతావాళ్లు టీకి వెళ్తూ ఆయన్ని పిలవరు. ఆరు నెలలు గడిచేసరికి ఆదివారం సాయంత్రం నుంచే ఆయనకు కడుపులో తిప్పుతుంది. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది.

ఇది పిరికితనం కాదు. పదేపదే అవమానం జరిగిన చోటును శరీరం ప్రమాదంగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ భయంతో ఆయన ఒకే కాగితాన్ని నాలుగుసార్లు చూస్తాడు. నిద్రలేని అలసటలో ఎక్కడో ఒక తేదీ తప్పు పడుతుంది. ‘వాళ్లన్నది నిజమేనేమో’ అనిపించేది అప్పుడే. వేధించేవాడి మాట మన సొంత ఆలోచనగా మారిపోవడమే అసలు దెబ్బ.

సెలవు పెడితే ఆ రోజుకు ప్రాణం తేలికపడుతుంది. విశ్రాంతి కోసం పెట్టే సెలవు మంచిదే. కానీ భయం పుట్టిన ప్రతిసారీ ఆగిపోతే, మర్నాడు గడప దాటడం ఇంకా కష్టమవుతుంది.

అలాంటప్పుడు ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టుకోవాలి. ఏ రోజు సంగతి ఆ రోజే రాయాలి: తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగా, అక్కడ ఎవరెవరు ఉన్నారు. ఎదురు పేజీలో చేసిన పని రాయాలి. మన ఉదాహరణలో ఆయన ఆ వారం 14 ఫైళ్లు పూర్తిచేశాడు, ఒకటి వెనక్కి వచ్చింది, అందులో తప్పు ఒక తేదీ. తప్పు తేదీది, ‘కోటా’ది కాదు. ఈ తేడా కాగితం మీద కనబడితేనే మనసు నమ్ముతుంది.

తర్వాత చిన్న అడుగులు. మొదటి వారం నమ్మకమైన సహోద్యోగితో కలిసి ఆఫీసు గేటు దాటాలి. తర్వాత ఒక్కరే వెళ్లాలి. ఆ తర్వాత, ‘ఏం సరిదిద్దాలో ఫైలు మీద రాసివ్వండి సార్’ అని అడగాలి. ఆ మాట అనేటప్పుడు గుండె దడదడలాడుతుంది, కాసేపటికి తగ్గుతుంది. అది తగ్గుతుందని అనుభవంలో తెలియడమే ధైర్యం తిరిగి రావడం.

అయితే వేధింపు సాగుతున్నంత కాలం ఇవి మనిషిని నిలబెడతాయే గానీ దాన్ని ఆపవు. ఆపడానికి ఫిర్యాదు కావాలి, అక్కడా ఆ నోట్‌బుక్కే ఆధారం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్) కింద అవమానం నలుగురికీ కనబడే చోట జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట దీని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఎవరు విన్నారో రాసుకోవడం అంత ముఖ్యం. ఈ చట్టం కింద ఫిర్యాదుకు 14566 హెల్ప్‌లైన్ ఉంది.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోతే డాక్టర్‌ను కలవాలి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా ఇంట్లోవాళ్లకు చెప్పాలి, 14416కు ఫోన్ చేయాలి. అది టెలీ మానస్ ఉచిత నంబర్, తెలుగులో మాట్లాడొచ్చు.