ఇంటి పెరటి కొబ్బరిలో కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు: గుర్తింపు, నివారణ

కోనసీమలోను, ఉద్దానంలోను కొబ్బరి చెట్టు లేని పెరడు అరుదు. తోటల్లోని చెట్లకు అందే సస్యరక్షణ పెరటి చెట్లకు అందదు. నాలుగైదు చెట్లు, వాటి పక్కనే పశువుల పాక, దాని వెనుక పెంటకుప్ప, ఒక మూల ఎప్పుడో నరికిన చెట్టు మొదలు, దగ్గరలో మంచినీటి బావి. ఈ అమరిక కొమ్ము పురుగుకు (ఒరిక్టిస్ రైనోసెరాస్) ఆహారాన్ని, సంతానోత్పత్తి స్థలాన్ని ఒకేచోట సమకూరుస్తుంది. అది చేసిన గాయం గుండా ఎర్రముక్కు పురుగు (రింకోఫోరస్ ఫెర్రుజినియస్) ప్రవేశిస్తుంది. మొదటిది సాధారణంగా దిగుబడిని తగ్గిస్తుంది. రెండవది చెట్టునే చంపుతుంది. పెరటి కొబ్బరి సంరక్షణలో ఈ రెండింటి మధ్యనున్న సంబంధాన్ని గ్రహించడమే కీలకం.

రెండు పురుగుల జీవన విధానంలో భేదం

కొమ్ము పురుగు తల్లి దశలో మాత్రమే చెట్టును ఆశిస్తుంది. నల్లగా మెరిసే ఈ పెంకు పురుగు రాత్రివేళ ఎగిరి వచ్చి, మట్టల మొదళ్ల ఇరుకులోంచి మొవ్వులోకి తొలుచుకొని పోయి, మెత్తని కణజాలాన్ని నమిలి రసాన్ని పీలుస్తుంది. గుడ్లు మాత్రం చెట్టుపై పెట్టదు. మాగుతున్న పశువుల ఎరువు, కుళ్లిన కొబ్బరి మాను, చెత్తకుప్ప దాని ప్రసూతి స్థలాలు. గుడ్లు సుమారు పది పన్నెండు రోజుల్లో పొదుగుతాయి. గ్రబ్ దశ మూడు నుంచి ఆరు నెలలు సాగుతుంది. అంటే ఈ పురుగు జీవితంలో అధిక భాగం చెట్టుకు దూరంగా, మనిషి చేతికి అందే చోటనే గడుస్తుంది.

ఎర్రముక్కు పురుగు స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. ఇటుక ఎరుపు రంగులో పొడవైన ముక్కుతో ఉండే ఈ పురుగు, తాజా గాయం నుంచి వెలువడే వాసనకు ఆకర్షింపబడి ఆ గాయంలోనే గుడ్లు పెడుతుంది. మూడు నుంచి అయిదు రోజుల్లో వెలువడిన గ్రబ్‌లు కాండం లోపలి మెత్తని భాగాన్ని తింటూ సొరంగాలు చేస్తాయి. అవి చెట్టు పీచుతోనే గూడు అల్లుకొని కోశస్థ దశను కూడా అక్కడే పూర్తి చేస్తాయి. గుడ్డు మొదలు తల్లి పురుగు వరకు అన్ని దశలూ చెట్టు లోపలే ఉండడం వల్ల నష్టం బయటికి కనిపించేసరికి ఆలస్యమవుతుంది. ఇరవై ఏళ్లలోపు చెట్లకు దీని బెడద ఎక్కువ.

గ్రబ్‌లను చూసి కూడా ఏ పురుగో చెప్పవచ్చు. పెంటకుప్పలో దొరికే కొమ్ము పురుగు గ్రబ్ లావుగా, తెల్లగా, కొడవలిలా వంగి, తలవైపు మూడు జతల కాళ్లతో ఉంటుంది. చెట్టు లోపల దొరికే ఎర్రముక్కు పురుగు గ్రబ్ లేత పసుపు వర్ణంలో ఉండి అసలు కాళ్లు లేకుండా ఉంటుంది.

లక్షణాలను చదివే విధానం

కొమ్ము పురుగు నష్టానికి ప్రసిద్ధమైన గుర్తు ఆకులపై కత్తిరించినట్లు కనిపించే త్రికోణపు కోతలు. ముడుచుకొని ఉన్న మొవ్వాకులలో పురుగు ఒక్క రంధ్రం చేసినా, ఆకు విచ్చుకున్నప్పుడు అదే కోత ఇరువైపులా సమానంగా, విసనకర్రను కత్తెరతో తీర్చినట్లు కనిపిస్తుంది. పూగుత్తి విచ్చుకోకముందే తొలిస్తే అది ఎండిపోయి ఆ గెల పూర్తిగా నష్టమవుతుంది.

అయితే ఈ కోత గడచిన నష్టానికి గుర్తు మాత్రమే. పెరిగిన చెట్టు సుమారు నెలకొక ఆకు చొప్పున వేస్తుంది. అందువల్ల పైనుంచి అయిదవ ఆకుపై కోత ఉండి, దానికి పైనున్న ఆకులు, మొవ్వు చెక్కుచెదరకుండా ఉంటే, దాడి జరిగి అయిదు నెలలకు పైగా గడచిందని, తరువాత మళ్లీ జరగలేదని అర్థం. అటువంటి చెట్టుకు ఇప్పుడు మందు వేయడం వృథా. ప్రస్తుత దాడికి గుర్తు వేరు: మొవ్వు మొదట్లో రంధ్రం, దాని నుంచి బయటికి నెట్టిన తాజా, తేమగల నమిలిన పీచు. క్షేత్ర పరిశీలనలో ఆకు కోతలను లెక్కించి చికిత్స సూచించడం తరచుగా జరిగే పొరపాటు.

ఎర్రముక్కు పురుగు విషయంలో కాండంపై చిన్న రంధ్రాలు, వాటి నుంచి కారే చిక్కని గోధుమరంగు ద్రవం, వేలాడే నమిలిన పీచు, పులిసిన వాసన తొలి గుర్తులు. కాండానికి చెవి ఆనించి వింటే గ్రబ్‌లు కొరికే శబ్దం వినవచ్చు. చెట్టు మొదట్లో పీచు గూళ్లు రాలి ఉంటే ఒక తరం పూర్తయి తల్లి పురుగులు వెలువడినట్లే. లోపలి ఆకులు పసుపుబారి మొవ్వు వాలడం చివరి దశ.

మొవ్వు వాలినంత మాత్రాన ఎర్రముక్కు పురుగేనని నిర్ణయించరాదు. మొవ్వు కుళ్లు తెగులులో కూడా మొవ్వాకు వాడి, లాగితే దుర్గంధంతో ఊడి వస్తుంది. కాని అక్కడ రంధ్రం గాని, నమిలిన పీచు గాని ఉండవు.

ఒక పెరటి ఉదాహరణ

ఆరు చెట్లున్న పది సెంట్ల పెరటిని ఉదాహరణగా తీసుకొందాం. నాలుగు ముదురు చెట్లలో ఆరవ, ఏడవ ఆకులపై కోతలున్నాయి, మొవ్వులు మాత్రం బాగున్నాయి. అయిదేళ్ల చెట్టు మొవ్వు మొదట్లో తాజా పీచు ఉంది. ఎనిమిదేళ్ల చెట్టు కాండంపై మూడడుగుల ఎత్తున గోధుమరంగు ద్రవం కారుతోంది. పాక వెనుక రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గల పెంటకుప్ప ఉంది.

ఇందులో మొదటి ప్రాధాన్యం ఎనిమిదేళ్ల చెట్టుకు. బయటికి కనిపించే రంధ్రాలలో అన్నిటికంటే పైదానిని మాత్రం తెరిచి ఉంచి, కింది వాటిని బంకమట్టితో గాని సిమెంటుతో గాని మూయాలి. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. మందును లీటరు నీటికి 1 మి.లీ. చొప్పున కలిపి, గరాటు సాయంతో పై రంధ్రం ద్వారా ఒక లీటరు వరకు నెమ్మదిగా పోసి, ఆ రంధ్రాన్ని కూడా మూసివేయాలి. వారం తరువాత చెవి ఆనించి వినాలి. శబ్దం వినిపించినా, కొత్తగా ద్రవం కారినా మరొకసారి పోయాలి. మందు పోసే ముందే బొండాలు, కాయలు దింపి, తరువాత 45 రోజుల వరకు ఆ చెట్టు కాయను ఇంటి వారు వాడకుండా చూడాలి. చేతి తొడుగులు తప్పనిసరి. మిగిలిన ద్రావణం బావి పరిసరాలలో పారబోయరాదు. పూర్వం ప్రచారంలో ఉన్న మోనోక్రోటోఫాస్ వేరు చికిత్స అత్యంత విషపూరితం కనుక, పిల్లలు తిరిగే పెరటికి అది తగదు. మొవ్వు లోపలి మొగ్గ అప్పటికే తినివేయబడి ఉంటే ఏ మందూ చెట్టును నిలపదు. దానిని నరికి, కాండాన్ని చీల్చి, గ్రబ్‌లను, గూళ్లను కాల్చివేయాలి. నరికిన మానును అలాగే వదిలితే అది కుళ్లి కొమ్ము పురుగుకు నిలయమవుతుంది. 1996 నవంబరు తుఫానుకు కోనసీమలోను, 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకు ఉద్దానంలోను చెట్లు పెద్ద ఎత్తున కూలినప్పుడు మానులను తొలగించడం సస్యరక్షణలో భాగమైనది ఈ కారణంగానే.

రెండవది అయిదేళ్ల చెట్టు. చివర కొక్కెం ఉన్న ఇనుప చువ్వను రంధ్రంలోకి పంపి పురుగును గుచ్చి బయటికి తీయాలి. మొవ్వు మొగ్గకు చువ్వ తగలకుండా, రంధ్రపు వాలును అనుసరించి పంపడం ముఖ్యం. తరువాత మొవ్వు చుట్టూ ఉన్న మూడు మట్టల మొదళ్లలో 250 గ్రాముల వేపపిండిని సమాన పరిమాణపు ఇసుకతో కలిపి నింపాలి. దీనిని ఏడాదికి మూడుసార్లు పునరావృతం చేయాలి. నాఫ్తలీన్ గోళీలు పెట్టి ఇసుకతో కప్పే పద్ధతి కూడా ఉన్నది గాని, లేత చెట్టు మొవ్వు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటుంది కనుక పెరటిలో వేపపిండే మేలు.

ముదురు చెట్లు నాలుగింటికీ ఇప్పుడు చికిత్స అవసరం లేదు.

మూలం పెంటకుప్పలో

మూడవది, శాశ్వత ప్రయోజనమిచ్చేది పెంటకుప్ప యాజమాన్యం. కుప్పలో గ్రబ్‌లను చంపేందుకు మెటారైజియం అనైసోప్లియే అనే పచ్చ శిలీంద్రాన్ని సిఫారసు చేస్తారు. ఇది సోకిన గ్రబ్ గట్టిపడి, మొదట తెల్లని, తరువాత ఆకుపచ్చని బూజుతో కప్పబడుతుంది. ఘనపు మీటరు ఎరువుకు 5 × 10¹¹ సిద్ధబీజాలు కావాలి. అంగడిలో దొరికే పొడి గ్రాముకు 1 × 10⁸ సిద్ధబీజాలు కలిగినదైతే, ఘనపు మీటరుకు అయిదు కిలోలు అవసరమని లెక్క తేలుతుంది. పై ఉదాహరణలోని కుప్ప మూడు ఘనపు మీటర్లు. అంటే పదిహేను కిలోలు. వంద గ్రాములు చల్లి శిలీంద్రం పనిచేయలేదని చెప్పే సందర్భాలలో లోపం మోతాదుదే. తగిన మోతాదు వేసినా కుప్పలో తేమ లేకపోతే శిలీంద్రం వృద్ధి చెందదు. సాయంకాలం చల్లి, పైన పలుచగా ఎరువు కప్పి, తేమ నిలపాలి.

చిన్న కుప్పకు ఇంతకంటె సులువైన మార్గం ఉన్నది. గ్రబ్ దశకు కనీసం మూడు నెలలు పడుతుంది కనుక, రెండు నెలలకొకసారి కుప్పను అడుగు వరకు తిరగవేస్తే ఏ గ్రబ్ కూడా తల్లి పురుగు కాజాలదు. తిరగవేసినప్పుడు బయటపడిన గ్రబ్‌లను ఏరి చంపాలి. పెరటి కోళ్లు ఉంటే వాటిని కోళ్లే తినివేస్తాయి. విరామం నాలుగు నెలలు దాటితే ఈ శ్రమ నిష్ఫలమవుతుంది. పాత చెట్టు మొదళ్లను వేళ్లతో సహా తవ్వి తీయడం కూడా ఈ పనిలో భాగమే.

గాయాలు, ఎరల విషయంలో జాగ్రత్తలు

ఎర్రముక్కు పురుగుకు దారి తీసేది కొమ్ము పురుగు గాయం ఒక్కటే కాదు. దింపు కోసం కాండంపై కొట్టే మెట్లు, పచ్చి మట్టను మొదలంటా నరకడం కూడా గాయాలే. మట్టను తీయవలసివస్తే కాండం నుంచి 120 సెం.మీ. వదిలి నరికితే, అక్కడ పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన గ్రబ్‌లు కాండాన్ని చేరలేవు. కాండంపై గాయాలకు బోర్డో పేస్టు గాని తారు గాని పూయాలి.

లింగాకర్షక బుట్టలు పెరటి యజమానికి ఆకర్షణీయంగా కనిపిస్తాయి. కాని బుట్ట వాసనకు ఇరుగుపొరుగు నుంచి కూడా పురుగులు వస్తాయి, వచ్చినవన్నీ బుట్టలో పడవు. మిగిలినవి సమీపంలోని లేత చెట్లపై వాలుతాయి. అందువల్ల అయిదారు చెట్ల పెరటిలో ఒంటరిగా బుట్ట కట్టడం మేలు కంటె కీడు చేయవచ్చు. ఒక వాడలోని ఇళ్లవారంతా కలిసి, లేత చెట్లకు దూరంగా, హెక్టారుకొకటి చొప్పున అమర్చుకొని, క్రమం తప్పక పురుగులను తీసివేస్తూ ఉంటేనే ఫలితముంటుంది. వ్యాధిగ్రస్త కొమ్ము పురుగుల ద్వారా వైరస్‌ను వ్యాపింపజేసే జీవ నియంత్రణ పద్ధతి లక్షద్వీపాల్లోని మినికాయ్‌లో సఫలమైనది గాని, అది కూడా ప్రాంతం మొత్తానికి సంబంధించిన కార్యక్రమమే.

ఫలితాన్ని అంచనా వేయడం

చికిత్స తరువాత పాత కోతలు మాయం కావు. కోత ఉన్న ఆకులు రాలేవరకు అలాగే ఉంటాయి. కనుక మూడు నెలల తరువాత పరిశీలించవలసినది కొత్తగా విచ్చుకున్న ఆకులను. అవి నిండుగా ఉండి, మొవ్వు మొదట్లో తాజా పీచు లేకపోతే కొమ్ము పురుగు అదుపులో ఉన్నట్లే. చికిత్స నాటికి మొవ్వు లోపల ముడుచుకొని ఉన్న ఆకులు కోతతోనే విచ్చుకోవచ్చు. దానిని కొత్త దాడిగా భావించి మందు మార్చనవసరం లేదు. ఎర్రముక్కు పురుగు సోకిన చెట్టులో మూసిన రంధ్రాలు పొడిగా ఉండి, కొత్తచోట ద్రవం కారకుండా, మొవ్వు నిటారుగా సాగితే చెట్టు నిలిచినట్లు. నమిలిన పీచు తిరిగి కనిపిస్తే మాత్రం మొదట తిరిగి చూడవలసినది చెట్టును కాదు, పెంటకుప్పను.