టక్ మన్నాకే బండి

పొద్దున తొమ్మిదింటికి ఏ కూడలిలోనైనా ఎర్రలైటు దగ్గర నిలబడి, బండ్ల మీదున్న వాళ్ల గడ్డాల కింద చూడండి. హెల్మెట్లు చాలా కనిపిస్తాయి. వాటిలో కొన్నింటికి క్లిప్పు పెట్టి ఉండదు. పట్టీలు రెండూ చెవుల పక్కన వేలాడుతూ గాలికి ఊగుతుంటాయి. పోలీసు కంటికి అది హెల్మెట్టే. పెట్టుకున్న మనిషి దృష్టిలోనూ హెల్మెట్టే. బండి జారిన క్షణంలో మాత్రం అది తల మీద ఉండదు.

రోడ్డు భద్రత మీద ముప్పై సెకన్ల వీడియో ఒకటి రాయమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ వేలాడే పట్టీలే. అడిగినవాళ్లు మాత్రం ఒక పేజీ నిండా కోరికలు రాసిచ్చారు. హెల్మెట్ పెట్టుకోవాలి, తాగి నడపకూడదు, సెల్‌ఫోన్ మాట్లాడకూడదు, వేగం తగ్గించాలి, పిల్లలకు బండి ఇవ్వకూడదు, చివర్లో అధికారిగారి సందేశం కూడా ఉండాలి. అన్నీ మంచి మాటలే. అన్నీ కలిపితే మాత్రం ఒక్కటీ గుర్తుండదు.

ముప్పై సెకన్లంటే ఎంతో ఒకసారి కొలిచి చూడండి. చేతిలో గడియారం పెట్టుకుని ఏదైనా తెలుగు పేరా గట్టిగా, వినేవాడికి అర్థమయ్యేంత నిదానంగా చదవండి. యాభై అరవై మాటల దగ్గర సమయం అయిపోతుంది. అందులోనూ చివరి నాలుగైదు సెకన్లు ముగింపు వాక్యానికి వదిలెయ్యాలి. బొమ్మను చూడనివ్వాలంటే మధ్యలో మాట ఆగాలి. ఇంక మిగిలేది ఇరవై ముప్పై మాటలు. ఆరు విషయాలు పెడితే ఒక్కోదానికి ఐదు మాటలు వస్తాయి. అది నోటీసు బోర్డు అవుతుంది గానీ వీడియో కాదు.

అందుకే మొదటి పని కొట్టెయ్యడం. కానీ ‘హెల్మెట్ పెట్టుకోండి’ అన్న ఒక్కదాన్నీ మిగిల్చి సరిపెట్టలేం. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ పెట్టుకోకపోవడం వల్ల పోయినవాళ్లుగా ఆ నివేదిక చెప్పింది 50,029 మందిని. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఇంత పెద్ద సంఖ్య ఉన్నా ఆ మాట చెవిన పడితే ఎవరూ తల తిప్పరు. ఏళ్ల తరబడి విని విని అది గోడమీది రంగులా అయిపోయింది. ‘నిదానమే ప్రధానం’ బోర్డు పక్కనుంచే మనం ఎంత వేగంగా వెళ్తామో తెలిసిందే కదా. ఒక్క సందేశం అంటే ఒక్క అంశం అని కాదు, ఒక్క చెయ్యి చేసే ఒక్క పని అని. క్లిప్పు పెట్టుకోవడం అలాంటిది. డబ్బు అక్కర్లేదు, కష్టం లేదు, రెండు సెకన్ల పని. హెల్మెట్ అప్పటికే మనిషి చేతిలో ఉంది.

క్లిప్పు ఎందుకంత ముఖ్యమో రాసేవాడికి ముందు తెలియాలి. బండి దేన్నైనా గుద్దుకున్నప్పుడు తల ఒక్కసారే తగలదు. మొదట ఎదుటి బండికో, హ్యాండిల్‌కో తగులుతుంది. తర్వాత మనిషి ఎగిరి పడి రోడ్డుకు తగులుతుంది. బిగించని హెల్మెట్ మొదటి కుదుపుకే, ఒక్కోసారి అంతకన్నా ముందే, ఊడి ఎటో దొర్లిపోతుంది. రోడ్డుకు తగిలేది ఉత్త తల. హెల్మెట్ వల్ల మరణం ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతాయని 2008లో వచ్చిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. అది తలను వదలకుండా ఉంటేనే ఆ మేలు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా హెల్మెట్ పెట్టుకోవాలని చెప్పి ఊరుకోలేదు, దాన్ని పట్టీతో తలకు బిగించాలని కూడా చెప్పింది. ఆ రెండో సగాన్ని మనం చదవం.

తర్వాతి చిక్కు భయం. రోడ్డు భద్రత అనగానే అందరికీ రక్తం, అంబులెన్సు, ఏడుస్తున్న తల్లి కావాలి. అమెరికా పరిశోధకురాలు కిమ్ విట్టే 1992లో దీని మీద ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ముప్పు ఎంత పెద్దదో చూపించి, తప్పించుకునే దారి తన చేతిలో ఉందని మనిషికి అనిపించకపోతే, అతను ముప్పును ఎదుర్కోడు, భయాన్ని ఎదుర్కొంటాడు. అంటే మొహం తిప్పేసుకుంటాడు, ‘నాకేం కాదులే’ అనుకుంటాడు, ఫోన్లో అయితే వేలితో పైకి తోసేస్తాడు. 2010లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ రోడ్డు భద్రతా విభాగం కోసం డేనియల్ కాక్స్ తీసిన ‘ఎంబ్రేస్ లైఫ్’ అనే సీటుబెల్టు చిత్రంలో రోడ్డే లేదు, కారు లేదు. ఇంటి హాల్లో కుర్చీలో కూర్చుని డ్రైవింగ్ చేస్తున్నట్టు నటిస్తున్న తండ్రిని భార్య, కూతురు రెండు వైపుల నుంచి చేతులతో చుట్టేస్తారు. అదే సీటుబెల్టు. చుక్క రక్తం లేకుండా అది ప్రపంచమంతా తిరిగింది. అయితే దానికి దాదాపు నిమిషంన్నర దొరికింది. మనకు దొరికేది మూడో వంతు.

నాకు దారి చూపించింది ఒక శబ్దం. పొద్దున్నే ఇంట్లో ఎన్ని ‘టక్’లు వినిపిస్తాయో లెక్కపెట్టండి. లంచ్ బాక్సు క్లిప్పు, బడి సంచి క్లిప్పు, వాచీ పట్టీ. వాటి వరసలో ఒకటి తప్పిపోతే వింటున్నవాడికే లోటు తెలుస్తుంది. స్క్రిప్టు ఇలా తయారైంది:

0–4 సెకన్లు: వంటింటి గట్టు. ఆడమనిషి చెయ్యి లంచ్ బాక్సు మూత నొక్కి క్లిప్పు పెడుతుంది. టక్.

4–8: వాకిట్లో ఏడేళ్ల పాప. తండ్రి వంగి పాప సంచి పట్టీని ఛాతీ మీద కలుపుతాడు. టక్.

8–11: తండ్రి మణికట్టు. వాచీ. టక్.

11–16: తండ్రి బండి మీద కూర్చున్నాడు. హెల్మెట్ అప్పటికే తల మీద ఉంది. పట్టీలు వేలాడుతున్నాయి. శబ్దం లేదు. చెయ్యి తాళం మీదికి వెళ్తుంది.

16–19: గేటు దగ్గర పాప. ‘నాన్నా... టక్ ఏదీ?’

19–23: తండ్రి చెయ్యి తాళం మీద ఆగుతుంది. గడ్డం కింద వేళ్లు దగ్గరగా. టక్.

23–25: బండి స్టార్టవుతుంది, కదులుతుంది.

25–30: నల్లటి తెర. అక్షరాలు, అవే మాటలు గొంతులో: ‘టక్ మన్నాకే... బండి తియ్యి.’

మొత్తం పలికే మాటలు ఏడు. మిగతాదంతా చెవికి, కంటికి వదిలేశాం.

చివరి వాక్యం దగ్గరే ఎక్కువ రోజులు పట్టింది. ‘మీ ప్రాణం మీ చేతుల్లోనే’ రాశాం. అది దేనికైనా సరిపోతుంది, మందుల ప్రకటనకు కూడా. ‘మీ కోసం ఇంట్లో ఎదురుచూస్తున్నారు’ రాశాం. వింటే గుండె తడుస్తుంది, చెయ్యి మాత్రం కదలదు. ‘క్లిప్పు పెట్టని హెల్మెట్ టోపీతో సమానం’ అన్నది నాకు నచ్చింది. కానీ అది తప్పు చూపించి ఊరుకుంటుంది, ఏం చెయ్యాలో చెప్పదు. ముగింపు వాక్యంలో పని ఉండాలి, అది ఎప్పుడు చెయ్యాలో ఉండాలి, బండి దగ్గర ఒకరితో ఒకరు అనుకోగలిగేలా ఉండాలి. ‘టక్ మన్నాకే బండి తియ్యి’ అని భార్య అనొచ్చు, స్నేహితుడూ అనొచ్చు. ‘తియ్యండి’ అందామని ఒకరు పట్టుబట్టారు. మర్యాదే, కానీ ‘అండి’ చేరగానే అది ప్రభుత్వం గొంతు అయిపోయింది.

స్క్రిప్టు రాయడం ఒక ఎత్తు, దాన్ని పాడుచెయ్యకుండా తియ్యడం ఇంకో ఎత్తు. మొదటి కూర్పులో తండ్రి అరుగు మీది హెల్మెట్‌ని స్టైల్‌గా ఎత్తి తలకు పెట్టుకునేవాడు. దాన్ని బయటివాళ్లకు కొందరికి చూపించి ‘ఇది ఏం చెయ్యమంటోంది?’ అని ఒకే ప్రశ్న అడిగాం. ఇలాంటి వీడియోకి ఇంతకు మించిన పరీక్ష లేదు. ‘హెల్మెట్ పెట్టుకోమంటోంది’ అన్నారు. అంటే మేం ఓడిపోయాం. హెల్మెట్ ఎత్తే షాట్ తీసేసి, అది మొదటి నుంచీ తల మీదే ఉండేలా చేశాక ‘క్లిప్పు పెట్టుకోమంటోంది’ అన్నారు. ‘బాగుంది, కన్నీళ్లొచ్చాయి’ అన్నవాళ్ల జవాబులు పక్కన పెట్టాం.

పాప బండెక్కకపోవడం కూడా ఊరికే జరగలేదు. బడికి తండ్రే దింపితే సహజంగా ఉంటుంది కదా అన్నారు. కానీ నాలుగేళ్లు దాటిన వాళ్లందరికీ చట్టం హెల్మెట్ చెబుతోంది. పాపకు పెడితే చూపు అటు పోతుంది, పెట్టకపోతే మనమే తప్పు చూపించినట్టు. కాబట్టి పాప బడి బస్సు కోసం గేటు దగ్గర నిలబడింది. అలాగే బండికి రెండు అద్దాలు, తండ్రి కాళ్లకు బూట్లు, ఐఎస్ఐ గుర్తున్న నిండు హెల్మెట్. వీటి గురించి ఒక్క మాటా చెప్పలేదు, తప్పుగా మాత్రం కనిపించకూడదు. చలానా రాసే పోలీసుని కూడా పెట్టలేదు. పెడితే వీడియో తలను వదిలేసి వెయ్యి రూపాయల గురించి అయిపోతుంది.

ఇంకో చిక్కు, ఈ వీడియోని సగంమంది ఫోన్లో శబ్దం తీసేసి చూస్తారు. శబ్దం మీదే నిలబడ్డ వీడియోకి ఇది చావుదెబ్బ. అందుకని ప్రతి శబ్దంతో పాటు తెర మీద ‘టక్’ అని పెద్ద అక్షరాలు పడేలా చేశాం. నాలుగోసారి ఆ చోటు ఖాళీగా ఉంటుంది. పాప మాట కూడా అక్షరాల్లో వస్తుంది. ఫోన్ తెర నిలువుగా ఉంటుంది కాబట్టి గడ్డం కింది షాట్‌ని నిలువుకి మళ్లీ తీశాం. అడ్డంగా తీసినదాన్ని కత్తిరిస్తే పట్టీలే తెగిపోయాయి.

ముప్పై సెకన్లతో ఏం కాదో కూడా ఒప్పుకోవాలి. హెల్మెట్ లేనివాడితో ఇది మాట్లాడదు. గుంతలు పూడ్చదు. వదులుగా బిగించిన పట్టీ గురించి చెప్పలేదు. నిజానికి పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లకు మించి దూరకూడదు. వెనక అంచు పట్టుకుని ముందుకు లాగితే హెల్మెట్ ఊడి రాకూడదు. అవి రెండూ ఇంకో వీడియోలో చెప్పాల్సినవి.

షూటింగ్ అయ్యాక డబ్బింగ్ గదిలో అసలు హెల్మెట్ క్లిప్పు పెట్టి రికార్డు చేస్తే ‘కిరకిర’మని వచ్చింది. పళ్ల పట్టీ లోపలికి జారే శబ్దం అది. చివరికి బడి సంచి ‘టక్’నే అక్కడా వాడాం. రెండు ఇనుప రింగుల మధ్య నుంచి పట్టీ లాగి కట్టే హెల్మెట్లు కూడా ఉన్నాయి, వాటికి ఏ శబ్దమూ రాదు. సౌండ్ చూసే కుర్రాడి హెల్మెట్ అదే రకం. ‘మరి నా సంగతేంటి సార్?’ అన్నాడు. నోటితో అనుకోమన్నాను.